ఏబీజీలో పీహెచ్ నార్మల్ వచ్చినా లోపల మూడు గొడవలు ఉండొచ్చు: రిపోర్టు వరసగా చదవడం ఎలా

ఏబీజీ ప్రింట్ చేతికి రాగానే అందరి కళ్ళూ ముందు పీహెచ్ మీదకే పోతాయి, 7.35 నుంచి 7.45 మధ్యలో ఉంటే హమ్మయ్య అనుకుని కాగితం కేస్‌షీట్‌లో పెట్టేస్తారు. ఘోరంగా ఉన్న పీహెచ్ ఎవర్నీ మోసం చెయ్యదు, 7.05 చూస్తే ఎవరైనా పరిగెడతారు. మోసం చేసేది నార్మల్‌గా కనిపించేదే. ఒకటి కిందికి లాగుతూ ఇంకోటి పైకి లాగుతుంటే పీహెచ్ మధ్యలో బుద్ధిగా కూర్చుంటుంది. అందుకే అలాంటి ఒక కేసు పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చదువుదాం, మామూలు కేసుల పద్ధతి కూడా దార్లోనే వచ్చేస్తుంది. కేసు చదువుకోవడానికి కట్టింది, కానీ ఇలాంటి పేషెంట్లు ఎమర్జెన్సీకి వస్తూనే ఉంటారు.

22 ఏళ్ళ అమ్మాయి, టైప్ 1 డయాబెటిస్. రెండు రోజులుగా జ్వరం, దగ్గు, ఆగకుండా వాంతులు. ఏమీ తినట్లేదు కదా అని ఇన్సులిన్ ఆపేసింది. ఊపిరి వేగంగా తీసుకుంటోంది. ఆక్సిజన్ ఇంకా పెట్టలేదు, రూమ్ ఎయిర్ మీదే శాంపిల్ తీశారు.

```
pH      7.38
pCO2    28
pO2     62
HCO3    16
Na 138   K 3.1   Cl 90
Glucose 420
Albumin 4.0
```

మొదటి పని: ఈ అంకెల్ని నమ్మొచ్చా?

ఈ స్టెప్ చాలామంది వదిలేస్తారు కానీ తప్పుడు శాంపిల్ మీద ఎంత గొప్ప లెక్క వేసినా వచ్చేది తప్పే. సిరంజిలో లిక్విడ్ హెపారిన్ ఎక్కువ మిగిలిపోతే రక్తం పల్చబడి పీసీఓ2, బైకార్బ్ రెండూ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తాయి, చూడ్డానికి అచ్చం మెటబాలిక్ అసిడోసిస్‌లా ఉంటుంది. గాలి బుడగ వదిలేస్తే పీసీఓ2 పడిపోతుంది, పీఓ2 గది గాలి విలువ వైపు, అంటే 150 వైపు జరుగుతుంది. తీసిన శాంపిల్ టేబుల్ మీద మర్చిపోతే లోపలి కణాలు ఆక్సిజన్ తింటూనే ఉంటాయి కాబట్టి పీఓ2 తగ్గి, పీసీఓ2 పెరిగి, పీహెచ్ కిందికి జారుతుంది. ప్లాస్టిక్ సిరంజి అయితే అరగంటలోపు మెషీన్‌లో పెట్టెయ్యాలి.

తర్వాత అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా చూడాలి. హైడ్రోజన్ అయాన్ లెక్క ఇది:

```
H+ = 24 × pCO2 / HCO3
```

మన కేసులో 24 × 28 / 16 అంటే 42. పీహెచ్ 7.40కి హెచ్ ప్లస్ 40, 7.30కి 50, 7.20కి 63, అటు 7.50కి 32, 7.60కి 25. ఈ ఐదూ గుర్తుంటే చాలు. 42 అంటే 7.38 దగ్గర, ప్రింట్‌తో సరిపోయింది.

ఇక్కడ ఒక సంగతి. గ్యాస్ మెషీన్ బైకార్బ్‌ని కొలవదు, పీహెచ్, పీసీఓ2 నుంచి లెక్కేసి చూపిస్తుంది. కాబట్టి మెషీన్ ప్రింట్‌లో ఈ లెక్క ఎప్పుడూ సరిపోతుంది, సరిపోలేదంటే ఎవరో చేత్తో రాసేటప్పుడు అంకె తప్పు రాశారని అర్థం. అసలైన చెక్ ఏంటంటే అదే టైముకి పంపిన ఎలక్ట్రోలైట్స్‌లో ల్యాబ్ విడిగా కొలిచిన బైకార్బ్‌తో పోల్చడం. రెండిటికీ 3 కన్నా ఎక్కువ తేడా ఉంటే శాంపిల్‌నైనా టైమింగ్‌నైనా అనుమానించాలి.

రెండో పని: ఏ వైపు ఒరిగింది, ఎవరు ఒంచారు

నార్మల్స్ తెలిసినవే, పీహెచ్ 7.35 నుంచి 7.45, పీసీఓ2 35 నుంచి 45, బైకార్బ్ 22 నుంచి 26. లెక్కలకి మాత్రం మధ్యలో ఒక్క అంకె పెట్టుకోండి: 7.40, 40, 24.

సీఓ2 అంటే ఊపిరితిత్తుల వాటా, అది పెరిగితే పీహెచ్ తగ్గుతుంది. బైకార్బ్ అంటే మెటబాలిక్ వాటా, అది పెరిగితే పీహెచ్ కూడా పెరుగుతుంది. పీహెచ్ ఏ వైపు పోయిందో ఆ వైపుకి తోసేది వీటిలో ఏదో అదే ప్రైమరీ సమస్య. పీహెచ్ 7.25, సీఓ2 60 అయితే రెస్పిరేటరీ అసిడోసిస్. పీహెచ్ 7.25, బైకార్బ్ 12 అయితే మెటబాలిక్ అసిడోసిస్, అప్పుడు సీఓ2 తక్కువ ఉన్నా అది కారణం కాదు, శరీరం సర్దుకోవడానికి చేస్తున్న ప్రయత్నం.

మరి మన అమ్మాయి సంగతి? పీహెచ్ 7.38, సీఓ2 28, బైకార్బ్ 16. పీహెచ్ ఏ వైపూ ఒరగలేదు కానీ మిగతా రెండూ నార్మల్‌కి ఎంతో దూరంలో ఉన్నాయి. ఇక్కడ "ఫుల్లీ కాంపెన్సేటెడ్ మెటబాలిక్ అసిడోసిస్" అని రాసేసి వెళ్ళిపోవడం చాలాచోట్ల అలవాటు, నాకు ఆ మాట అస్సలు నచ్చదు. కాంపెన్సేషన్ పీహెచ్‌ని నార్మల్ వైపుకి తెస్తుంది కానీ సాధారణంగా నార్మల్‌లోకి తీసుకెళ్ళి వదలదు, అవతలి వైపుకి దాటించడం అయితే అసలు చెయ్యదు. రోజుల తరబడి ఉన్న రెస్పిరేటరీ ఆల్కలోసిస్ ఒక్కటే కొంచెం మినహాయింపు, అందులో పీహెచ్ దాదాపు నార్మల్‌కి రావచ్చు. కాబట్టి సీఓ2, బైకార్బ్ ఇంత చెడిపోయి పీహెచ్ మాత్రం చక్కగా ఉందంటే కనీసం రెండు సమస్యలు ఎదురెదురుగా లాగుతున్నాయనే అనుకుని ముందుకెళ్ళాలి.

మూడో పని: ఉండాల్సినంత సర్దుబాటు ఉందా

బైకార్బ్ తక్కువుంది కాబట్టి మెటబాలిక్ అసిడోసిస్ వైపు నుంచి మొదలుపెడదాం. బైకార్బ్ ఇంత పడితే ఊపిరితిత్తులు సీఓ2ని ఎంతకి దించాలో వింటర్స్ ఫార్ములా చెప్తుంది:

```
Expected pCO2 = (1.5 × HCO3) + 8, ± 2
```

1.5 × 16 అంటే 24, దానికి 8 కలిపితే 32. అంటే సీఓ2 30 నుంచి 34 మధ్య ఉండాలి. ఉన్నది 28. కావాల్సినదానికన్నా ఎక్కువే ఊదేస్తోంది, అంటే అసిడోసిస్‌తో సంబంధం లేకుండా ఊపిరిని తోస్తున్నది ఇంకేదో ఉంది, అదే రెస్పిరేటరీ ఆల్కలోసిస్. తేడా రెండే కదా అని తీసిపారేయొద్దు, జ్వరం, దగ్గు ఉన్న మనిషిలో ఆ రెండుకి కూడా అర్థం ఉంది, కాసేపట్లో పీఓ2 దగ్గర సాక్ష్యం కూడా దొరుకుతుంది. అదే సీఓ2 38 వచ్చి ఉంటే కథ తిరగబడేది, 38 అనేది నార్మల్ రేంజ్‌లోనే ఉన్నా ఈ అమ్మాయికి మాత్రం అది ఎక్కువ, అంటే అలిసిపోయి ఊపిరి తియ్యలేకపోతోందని అర్థం.

ఈ ఫార్ములా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి వర్తించే తీరు వేరు, అక్కడ ఊపిరి రేటు మనం పెట్టింది కాబట్టి సర్దుబాటు బాధ్యత కూడా మనదే. ఉదాహరణకి బైకార్బ్ 6 ఉన్న పేషెంట్ ఆయాసపడుతూ సీఓ2ని 17కి దించుకున్నాడనుకోండి, హెచ్ ప్లస్ 68, పీహెచ్ 7.17 దగ్గర నెట్టుకొస్తున్నాడు. ట్యూబ్ వేసి, మత్తిచ్చి, రేటు మామూలుగా 14 పెట్టి వదిలేస్తే సీఓ2 40కి చేరిందంటే హెచ్ ప్లస్ 160, పీహెచ్ 6.80. బైకార్బ్ ఒక్క పాయింట్ కూడా మారలేదు, సీఓ2 ఒక్కటే మారింది, గుండె ఆగడానికి అది చాలు. తీవ్రమైన అసిడోసిస్‌లో ఇంట్యుబేట్ చేసే ముందు వింటర్స్ లెక్క వేసుకుని, ఆ సీఓ2 వచ్చేలా రేటు పెట్టుకోవాలి.

ప్రైమరీ సమస్య రెస్పిరేటరీ అయితే లెక్క కిడ్నీల వైపు తిరుగుతుంది, అక్కడ టైమే ముఖ్యం. ఊపిరితిత్తులు గంటల్లో సర్దుకుంటాయి, కిడ్నీలకి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. సీఓ2 పది పెరిగితే అక్యూట్‌లో బైకార్బ్ ఒకటి పెరుగుతుంది, క్రానిక్‌లో సుమారు మూడున్నర నుంచి నాలుగు. సీఓ2 పది తగ్గితే అక్యూట్‌లో రెండు తగ్గుతుంది, క్రానిక్‌లో నాలుగు ఐదు. సీఓపీడీ పేషెంట్‌కి సీఓ2 60 వచ్చిందంటే ఇరవై పెరిగినట్టు, బైకార్బ్ 31 ఉండి పీహెచ్ 7.33 ఉంటే అది ఎప్పట్నుంచో ఉన్న సంగతి, మనిషి బహుశా మీతో మాట్లాడుతూనే ఉంటాడు. అదే 60కి బైకార్బ్ 26, పీహెచ్ 7.26 అయితే ఇప్పుడిప్పుడే ఏదో జరిగింది, పక్కనుంచి కదలకూడదు. మధ్యలో 28 వస్తే? క్రానిక్ మీద అక్యూట్ కావొచ్చు, లేదా అక్యూట్‌కి మెటబాలిక్ ఆల్కలోసిస్ తోడై ఉండొచ్చు, కిడ్నీలు సగం దారిలో ఉండి ఉండొచ్చు కూడా. కాగితం దానికి జవాబు చెప్పలేదు, పాత ఏబీజీ ఉంటే తీసి చూడండి, లేకపోతే హిస్టరీ అడగండి.

నాలుగో పని: యానియన్ గ్యాప్, పీహెచ్ ఎంత బావున్నా సరే

```
AG = Na − (Cl + HCO3)
```

138 నుంచి 106 తీసేస్తే 32. నార్మల్ సుమారు 8 నుంచి 12, ల్యాబ్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ. కొందరు పొటాషియం కూడా కలుపుతారు, అప్పుడు నార్మల్ కూడా నాలుగు పెరుగుతుంది, ఏదో ఒక పద్ధతికి కట్టుబడి ఉంటే చాలు.

ఇంత గ్యాప్ ఉందంటే పీహెచ్ ఏం చెప్పినా వినక్కర్లేదు, లోపల మెటబాలిక్ అసిడోసిస్ ఉంది. కాంపెన్సేషన్ కోసం శరీరం 32 గ్యాప్ తయారుచెయ్యదు. లెక్కలో లేని ఏదో ఆసిడ్ వచ్చి చేరింది, లాక్టేటో, కీటోన్సో, కిడ్నీ ఫెయిల్యూర్‌లో పేరుకునేవో, మిథనాల్, ఇథిలీన్ గ్లైకాల్, సాలిసిలేట్ లాంటి విషాలో. మన కేసులో షుగర్ 420, ఇన్సులిన్ ఆపేసింది, కాబట్టి ముందు కీటోన్స్ చూస్తాం, కానీ ఇన్ఫెక్షన్ కూడా ఉంది కాబట్టి లాక్టేట్ కూడా పంపాలి.

ఇక్కడ రెండు చోట్ల జారిపోతారు. షుగర్ ఎక్కువుంది కదా అని సోడియంని కరెక్ట్ చేసి ఆ కరెక్టెడ్ అంకె గ్యాప్‌లో వేస్తారు, వద్దు, కొలిచిన సోడియమే వెయ్యాలి, ఎందుకంటే నీరు చేరి పల్చబడింది సోడియం ఒక్కటే కాదు, క్లోరైడ్, బైకార్బ్ కూడా అంతే పల్చబడ్డాయి. రెండోది ఆల్బుమిన్. నార్మల్ గ్యాప్‌లో ఎక్కువ భాగం ఆల్బుమినే, అది తగ్గితే గ్యాప్ కూడా తగ్గి అసిడోసిస్‌ని దాచేస్తుంది. ఆల్బుమిన్ 4 కన్నా ఒక గ్రాము తగ్గినప్పుడల్లా గ్యాప్‌కి రెండున్నర కలపాలి. ఐసీయూలో ఆల్బుమిన్ 2 ఉన్నవాళ్ళు కొల్లలు, వాళ్ళలో 12 గ్యాప్ చూసి నార్మల్ అనుకుంటాం, నిజానికి అది 17. మన అమ్మాయికి ఆల్బుమిన్ 4 కాబట్టి కలపక్కర్లేదు.

గ్యాప్ నార్మల్‌గా ఉండి బైకార్బ్ తక్కువుంటే అప్పుడు విరేచనాలు, రీనల్ ట్యూబ్యులర్ అసిడోసిస్, నార్మల్ సెలైన్ ఎక్కువ ఎక్కించడం లాంటివి వెతకాలి.

ఐదో పని: గ్యాప్ పెరిగినంత బైకార్బ్ తగ్గిందా

అన్నిటికన్నా అందమైన లెక్క ఇదే. బయటి ఆసిడ్ వచ్చినప్పుడు దాన్ని ఆపడానికి బైకార్బ్ ఖర్చవుతుంది, కాబట్టి గ్యాప్ ఎంత పెరిగిందో దాదాపు అంతే బైకార్బ్ తగ్గాలి. మన కేసులో గ్యాప్ 12 నుంచి 32కి, ఇరవై పెరిగింది. బైకార్బ్ 24 నుంచి 16కి, ఎనిమిదే తగ్గింది.

```
ΔAG / ΔHCO3 = (32 − 12) / (24 − 16) = 2.5
```

మిగతా పన్నెండు ఏమైనట్టు? ఖర్చు ఇరవై అయ్యి కూడా పర్సులో పదహారు మిగిలిందంటే బయల్దేరేటప్పుడే పర్సులో ముప్ఫై ఆరు ఉందన్నమాట. 16కి 20 కలిపితే 36, కీటోన్స్ లేకపోతే ఈ అమ్మాయి బైకార్బ్ ఉండాల్సిన చోటు అది. ఎందుకంటే రెండు రోజుల వాంతులు, కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ అంతా బయటికి పోయింది. క్లోరైడ్ 90 దగ్గర ఉండడం, పొటాషియం 3.1 ఉండడం కూడా అదే చెప్తున్నాయి. మూడో సమస్య దొరికింది, మెటబాలిక్ ఆల్కలోసిస్.

రేషియో సుమారు 1 నుంచి 2 మధ్య ఉంటే ఒట్టి హై గ్యాప్ అసిడోసిస్ అనుకోవచ్చు, కీటోఅసిడోసిస్‌లో ఒకటి దగ్గర, లాక్టిక్ అసిడోసిస్‌లో ఒకటిన్నర దగ్గర ఉండడం మామూలు. ఒకటికన్నా బాగా తక్కువుంటే నార్మల్ గ్యాప్ అసిడోసిస్ కూడా కలిసింది. రెండు దాటితే మెటబాలిక్ ఆల్కలోసిస్ దాక్కుంది, లేదా క్రానిక్ సీఓపీడీ వల్ల ముందే బైకార్బ్ ఎక్కువున్న మనిషి. కానీ ఇది మూడు కొలతల్ని కూడి తీసి మళ్ళీ భాగించిన లెక్క, ప్రతిదాంట్లో చిన్న పొరపాటున్నా చివర్లో అది పెద్దదవుతుంది. కాబట్టి 2.1 వచ్చిందని వాంతులు లేని మనిషికి ఆల్కలోసిస్ అంటగట్టొద్దు. 2.5, దానికి తోడు వాంతులు, తక్కువ క్లోరైడ్ మూడూ కలిస్తేనే నమ్మకం.

పీఓ2ని కూడా ఒకసారి

ఊపిరి ఇంత వేగంగా తీసుకునే మనిషికి ఊపిరితిత్తులు బావుంటే పీఓ2 వంద దాటాలి. సముద్ర మట్టం దగ్గర రూమ్ ఎయిర్ మీద లెక్క ఇలా:

```
PAO2 = 150 − (pCO2 / 0.8) = 150 − 35 = 115
A-a gradient = 115 − 62 = 53
```

వయసుని నాలుగుతో భాగించి నాలుగు కలిపితే ఉండాల్సిన గ్రేడియంట్ వస్తుంది, 22 ఏళ్ళకి పది లోపు. యాభై మూడు అంటే ఊపిరితిత్తిలో గట్టి సమస్యే, జ్వరం, దగ్గు కలిపితే న్యుమోనియా ముందు వరసలో ఉంటుంది. మూడో పనిలో రెండు పాయింట్ల తేడాతో అనుమానించిన రెస్పిరేటరీ ఆల్కలోసిస్‌కి కారణం ఇదే.

మొత్తం కలిపి రాస్తే

కీటోన్స్ వల్ల హై గ్యాప్ మెటబాలిక్ అసిడోసిస్, వాంతుల వల్ల మెటబాలిక్ ఆల్కలోసిస్, న్యుమోనియా వల్ల రెస్పిరేటరీ ఆల్కలోసిస్, కీటోన్ రిపోర్టు, ఛాతీ ఎక్స్‌రే రాగానే పక్కా. ఒకటి కిందికి, రెండు పైకి లాగితే 7.38. రెస్పిరేటరీ అసిడోసిస్, ఆల్కలోసిస్ రెండూ ఒకేసారి ఉండలేవు, ఎందుకంటే సీఓ2 ఒక్కటే అంకె. మెటబాలిక్‌వి రెండూ కలిసి ఉండగలవు, వాటిని విడదీసేది గ్యాపే.

చికిత్సలో దీని ప్రభావం వెంటనే కనిపిస్తుంది. పీహెచ్ నార్మల్ కదా కీటోఅసిడోసిస్ కాదు అనుకుంటే ఇన్సులిన్ ఆలస్యమవుతుంది. బైకార్బ్ 16 చూసి కంగారుగా సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తే దాక్కున్న ఆల్కలోసిస్‌ని చేజేతులా పెంచినట్టు. పొటాషియం 3.1 ఉంది కాబట్టి ముందు సెలైన్, పొటాషియం క్లోరైడ్, అది 3.5కి చేరాకే ఇన్సులిన్, లేకపోతే ఇన్సులిన్ ఉన్న కాస్త పొటాషియంని కణాల్లోకి తోసేసి గుండె లయ తప్పిస్తుంది.

వైద్యం మొదలై కొన్ని గంటలు గడిచాక మళ్ళీ ఏబీజీ తీశారనుకోండి, ఆక్సిజన్ మీద, యాంటీబయాటిక్ పడ్డాక:

```
pH 7.53   pCO2 33   HCO3 27
Na 139    Cl 101
```

గ్యాప్ 11, కీటోన్స్ పోయాయి. కానీ పీహెచ్ 7.38 నుంచి 7.53కి చెడిపోయింది, ఇది చూసి వైద్యం వికటించిందని భయపడేవాళ్ళున్నారు. కిందికి లాగేది పోయింది, పైకి లాగే రెండూ ఇంకా ఉన్నాయి, అంతే జరిగింది. పోయిన కీటోన్స్‌లో కొంత మళ్ళీ బైకార్బ్‌గా మారింది కూడా. బైకార్బ్ 27కి మెటబాలిక్ ఆల్కలోసిస్ లెక్క వేస్తే:

```
Expected pCO2 = (0.7 × HCO3) + 20, ± 5
```

39, అంటే 34 నుంచి 44 మధ్య ఉండాలి, ఉన్నది 33. అంచు దగ్గరే ఉంది కానీ న్యుమోనియా ఇంకా తగ్గలేదు కాబట్టి రెస్పిరేటరీ ఆల్కలోసిస్ కొనసాగుతోందనే చదవాలి. ఇప్పుడు చెయ్యాల్సింది పొటాషియం మళ్ళీ చూడడం, ఎందుకంటే ఆల్కలోసిస్, ఇన్సులిన్ రెండూ దాన్ని కణాల్లోకే నెడతాయి, క్లోరైడ్ ఉన్న ఫ్లూయిడ్ కొనసాగించడం, ఊపిరి రేటు తగ్గుతోందా అని గమనించడం. సీఓ2 ఇక్కణ్ణుంచి 40కి మెల్లగా, మనిషి తేరుకుంటూ చేరితే మంచిదే, మగతగా పడుకుని చేరితే మాత్రం వెంటనే ఇంకో శాంపిల్ తియ్యండి.